విలంబిలో పుష్యం

చెన్నకేశవరావుకు తప్పు దొరికింది పంచాంగంలో. పంచాంగంలో తప్పు దొరకడం వేరు, పంచాంగం వల్ల తప్పు దొరకడం వేరు. మొదటిదైతే సిద్ధాంతిగారి నెత్తిన రుద్ది చేతులు దులుపుకోవచ్చు. రెండోది మన నెత్తిమీదే పీట వేసుకుని కూర్చుంటుంది.

దొరకబుచ్చుకున్నది ఆయన భార్య శివపార్వతి. పిల్లకు పుట్టువెంట్రుకలు ఎప్పుడు తీయించాలా అని వేళ్లు మడుస్తూ లెక్క కడుతోంది. వెళ్లిపోయిన ఏడాది వికారి, ఉగాదికి వచ్చింది శార్వరి. వికారం పోయిందనుకుంటే చీకటి వచ్చిందన్నమాట. సిరుగుప్ప దగ్గరి క్యాంపులో, కృష్ణాజిల్లా నుంచి వచ్చి కాలవ కింద వరి వేసుకున్న వాళ్లందరి ఇళ్లలాగే ఆ ఇంట్లోనూ ఏళ్లకు అంకెలుండవు, పేర్లుంటాయి.

"ఏమండీ, పిల్ల విలంబి మార్గశిరంలో కదా పుట్టింది?"

"ఊఁ."

"మీరు గనిలో పని మాని కొండ దిగి వచ్చేసరికి దానికి రెండు నెలలు నిండలేదు."

"ఊఁ."

"మరి మొన్న ఉద్యోగానికి పంపిన కాగితంలో కొండ దిగి రెండేళ్లు దాటిందని రాశారుగా. అప్పటికి పిల్ల కడుపులో కూడా లేదు. ఆ మధ్యలో ఏడాదిపాటు కొండమీద ఉన్నదెవరండీ, మీ అన్నగారా?"

చెన్నకేశవరావుకు అన్నగారు లేరు. ఉంటే తప్పు ఆయన మీద తోసేసేవాడే. ట్రంకుపెట్టెలోంచి సర్టిఫికెట్టు తీశాడు. గండిగుట్ట గని యజమాని రామసుబ్బా పాతకాలపు భూస్వామి. గనులు తవ్వినా, లారీలు తిప్పినా ఆయన దస్తావేజు మాత్రం తాతల పద్ధతే. 'శ్రీ విలంబి నామ సంవత్సర పుష్య బహుళ పంచమి నాటికి పని మానినాడు' అని ఉంది. విలంబి అంటే 1958 కదా, పుష్యమంటే జనవరి కదా, రెండూ కలిపితే 1958 జనవరి అని రావు లెక్క కట్టేశాడు. కానీ విలంబి పుట్టిందే 1958 ఉగాదికి. దాని పుష్యం ఏడాది చివర్లో, అంటే 1959 జనవరిలో వస్తుంది. 1958 జనవరిలో ఉన్నది హేవిలంబి పుష్యం. ఒక 'హే' తేడా, ఒక ఏడాది తేడా.

"అయితే ఏమవుతుంది?" అంది శివపార్వతి.

ఏమవుతుందో రావుకు తెలుసు. తెలిసే మాట మార్చి, మంచినీళ్లు అడిగాడు.

రావు గండిగుట్టలో చేసిన పని మ్యాగజైన్ కీపరు. పేరు విని క్యాంపులో ఆడవాళ్లు మొదట్లో వారపత్రికలు అడిగేవారు. ఈ మ్యాగజైనులో సీరియళ్లుండవమ్మా, ఏ కథైనా ఒక్క సంచికలోనే సమాప్తం అనేవాడు. బండలు పేల్చే మందుగుండు దాచే కొట్టు అది. ఒంటరిగా, తవ్వే చోటికి దూరంగా, రేకుల కప్పుతో ఉండేది. తాళం ఆయన మొలలో ఉండేది. ఆఖరి చలికాలంలో రామసుబ్బా ఎక్కడో చవగ్గా దొరికిందని పాత సరుకు దింపించాడు. మందు కూరిన తూటాల మీది కాగితానికి నూనె చెమట పట్టి ఉంది. ముట్టుకుంటే ఒక గంటలో కణతలు పగిలిపోయే తలనొప్పి. అది మామూలు నూనె కాదు, మందు లోపలి ప్రాణం బయటికి కారడం. అలాంటి తూటా కిందపడ్డా చాలు, పేలిపోవడానికి.

వెళ్లి చెప్పాడు. "చెమట పడితే విసనకర్ర పట్టప్పా" అని రామసుబ్బా నవ్వాడు. ఆ నవ్వుకు రావు పని మానేశాడు. తాళం గాళెప్ప అనే మనిషి చేతికిచ్చి, పెట్టెలు విసరొద్దు, లోపల ఇనుము తగలనియ్యొద్దు అని చెప్పి కొండ దిగాడు.

మాఘం సగమైనా కాలేదు, కొట్టు పేలింది. గాళెప్ప పోయాడు. పెట్టెలు మోస్తున్న ఇద్దరు ఆడకూలీలు పోయారు. మందు కొత్తదే, గాళెప్ప లోపల బీడీ ముట్టించాడు అని యజమాని చెప్పాడు. బీడీ ముట్టించినవాడు లేడు కాబట్టి ఎవరూ కాదనలేదు. రావును ఎవరూ పిలవలేదు. పిలవనిచోటికి పోవడం మర్యాద కాదనుకున్నాడు ఆయన. మర్యాదకూ భయానికీ ఒక్కోసారి ఒకే మొహం ఉంటుంది.

ఇప్పుడు శివపార్వతి చెంబు పట్టుకుని ఎదుట నిలబడింది. "మీరు ఏడాది ముందే దిగిపోయారని ఉంటే మనకేం నష్టం? ఆ పాపం పక్కన మీరు లేరనే కదా ఉంటుంది. తప్పైతే తప్పు, మేలు చేసే తప్పు."

ఆ మాట ఆయన మనసులోదే. పొలం చౌడెక్కిపోయింది. కాలవనీళ్లు వచ్చిన కొత్తలో పండిన నేలే, ఇప్పుడు పొద్దున్నే తెల్లగా ఉప్పు పూసి కనిపిస్తోంది. పెట్టినది తిరిగిరావడం లేదు. ఈ ఉద్యోగంలో క్వార్టర్సు ఇస్తామన్నారు. కానీ చేరేరోజు అసలు సర్టిఫికెట్టు చూపించాలి. కాగితం ఒకటి, సర్టిఫికెట్టు ఒకటి చెబితే అబద్ధాలకోరని అప్పటికప్పుడే బయటికి పంపుతారు. తర్వాత దొరికితే తప్పు, ముందు చెబితే సవరణ.

మర్నాడు సిరుగుప్ప బస్టాండు పక్కన టైపు కొట్టే హంపయ్య దగ్గరికి వెళ్లాడు. మొదటి బయోడేటా కొట్టిందీ ఆయనే. విషయం విని హంపయ్య మిషను మీద చేతులు ఆపేశాడు.

"నేను నీ కాగితంలో ఉన్నట్టే కొట్టినాను రావు. తప్పు నాది కాదు."

"నాదేనయ్యా. నాదేనని రాయడానికే వచ్చాను."

"సుమ్నే, ఊరికే ఎందుకప్పా? వాళ్లు చూసినారో లేదో. నిద్రపోయే పామును లేపి, నీ పడక ఈడ కాదు ఆడ అని చెబుతావా?"

"బయోడేటాలో తేదీ తేడాగా ఉంటే అది భయోడేటా అవుతుంది హంపయ్యా."

హంపయ్య నవ్వలేదు. ఎప్పుడూ నవ్వేవాడే. కాగితం ఎక్కించి, "చెప్పు" అన్నాడు. రావు చెప్పింది చెప్పినట్టు ఆయన ఇంగ్లీషులోకి దించాడు. తెలుగులో దాని మాట ఇదీ:

'హేమగిరి మినరల్స్ పర్సనెల్ ఆఫీసరుగారికి. అయ్యా, మ్యాగజైన్ కీపరు ఉద్యోగానికి నేను ఇంతకుముందు పంపుకున్న బయోడేటాలో ఒక తేదీ తప్పుగా పడింది. గండిగుట్ట గనిలో పని మానింది 1958 జనవరి అని రాశాను. అది 1959 జనవరి అని ఉండాలి. సర్టిఫికెట్టులోని తెలుగు సంవత్సరాన్ని ఇంగ్లీషులోకి మార్చడంలో జరిగిన ఈ పొరపాటు పూర్తిగా నాది. దీనివల్ల అక్కడ నా అనుభవం రెండేళ్లు కాదు, మూడేళ్లు అవుతుంది. మిగతా వివరాలలో మార్పు లేదు. సరిదిద్దిన బయోడేటా, సర్టిఫికెట్టు నకలు ఇందులో పెట్టాను. మొదటిదానికి బదులు దీన్ని పరిశీలించవలసిందని ప్రార్థన. శ్రమ కలిగించినందుకు మన్నించగలరు.'

"గండిగుట్ట అన్న మాట రెండోసారి రాస్తాండావు" అన్నాడు హంపయ్య, కాగితం లాగుతూ. "ఆ గుట్ట పేరు ఎత్తితే ఈడ జనం ఉమ్ముతారు."

"పేరు మార్చలేను కదా."

"వాళ్లు మార్చుకున్నారు లే" అన్నాడు హంపయ్య. రావు ఏమిటని అడిగేలోపే వెనక నిలబడ్డవాణ్ని పిలిచాడు.

రిజిస్టరు చేసి పంపాడు. కొద్దిరోజులకు అందినట్టు సంతకంతో కార్డు వెనక్కి వచ్చింది. దాని వెనకాలే జవాబూ వచ్చింది, కానీ పోస్టులో కాదు. నిండు మధ్యాహ్నం క్యాంపు రోడ్డు మీద ఎర్రదుమ్ము లేపుకుంటూ ఖనిజం లారీ ఒకటి వచ్చి వాళ్ల గుమ్మం ముందే ఆగింది. డ్రైవరు దిగకుండానే చెప్పాడు: "పర్సనెల్ ఆఫీసరు రేపు బళ్లారికి రమ్మన్నాడు. అసలు సర్టిఫికెట్టు తెమ్మన్నాడు." వరిచేల మధ్య ఆ లారీకి పనేమీ లేదు. ఇల్లు ఎవరినీ అడగలేదు కూడా.

శివపార్వతి గుమ్మంలో నిలబడి లారీ పోయినవైపు చూసింది. "ఇల్లు చూసి పోయాడండీ" అంది. అంతే అంది.

రావు సర్టిఫికెట్టు ఆమె చేతికిచ్చి, "ఇది ఇక్కడే ఉండనీ. అడిగితే మరిచిపోయానంటాను" అన్నాడు. మరుపు కూడా ఒక్కోసారి గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని.

బళ్లారిలో హేమగిరి ఆఫీసు కొత్త సున్నంతో తెల్లగా ఉంది. పర్సనెల్ ఆఫీసరు వెంకటకృష్ణయ్య యాభై దాటినవాడు, మెత్తటి గొంతు, మెత్తటి చేతులు. పిల్లి కాళ్ల కింద కూడా మెత్తగానే ఉంటుంది.

"రాప్పా రావు, కూర్చో. కాఫీ తాగుతావా? ఎండలో వచ్చినావు."

రావు కూర్చున్నాడు. బల్లమీద తన రెండు బయోడేటాలూ పక్కపక్కన ఉన్నాయి, కవల పిల్లల్లాగా. గాలికి ఎగరకుండా వాటిమీద ఒక బరువు పెట్టి ఉంది. నల్లగా మాడి, ఒకవైపు కరిగి వంగిన ఇత్తడి తాళంకప్ప. రావు మూడేళ్లపాటు రోజూ పొద్దున తీసి సాయంత్రం వేసిన తాళంకప్ప.

కాఫీ వచ్చింది. రావు ముట్టలేదు.

"గుర్తుపట్టినావే" అన్నాడు వెంకటకృష్ణయ్య. "మా దొర రామసుబ్బాగారు పారేయొద్దన్నాడు. పాత కంపెనీ పోయినా పాత సామాను ఉండాలంట. పేరు మారింది, మనుషులం మేమే. నీవు తెలియక పెట్టుకున్నావు అర్జీ, అవునా?"

"తెలియదండీ. పేపర్లో హేమగిరి అనే ఉంది."

"ఆయ్తు, సరే. మంచిదే అయింది." ఆయన తాళంకప్ప ఎత్తి, మొదటి బయోడేటాను బయటికి లాగి, మళ్లీ దించాడు. "ఇది చూసినాం. మాకు చానా నచ్చింది. ఆర్డరు కూడా టైపయి ఉండాది. ఇంతలో ఈ రెండోది వచ్చింది. ఎవరు రాయమన్నారప్పా?"

"ఎవరూ అనలేదు. మొదటిది తప్పండీ."

"తప్పంటే ఎంత? ఒక్క ఏడు. ఏడుకు ఏడ్చేవాళ్లు యాడుండారు?" ఆయనా శ్లేష వేయగలడు. రావుకు మొదటిసారి శ్లేష మీద అసహ్యం వేసింది. "గాళెప్ప పెండ్లాం సిద్దక్క బండ్రిలో ఉండాది. అర్జీల మీద అర్జీలు పెట్టి గనుల ఇన్‌స్పెక్టరుతో మళ్లీ విచారణ పెట్టించింది. విచారణ రేపే, ఆయన వచ్చి దిగినాడు కూడా. తన మొగుడు బీడీ తాగడంట. మందు చెమటపట్టి ఉన్నిందని ముందు కీపరే తన మొగుడికి చెప్పినాడంట. ఆ ముందు కీపరు యాడున్నాడో మేమూ వెతుకుతాంటిమి. దేవుడే పంపినట్టు నీ కాగితం వచ్చింది. ఆ కీపరు అంతకు ఏడాది ముందే పని మాని పోయినాడని, వాని చేత్తోనే సంతకం పెట్టి పంపినాడు. ఏడాది ముందు పోయినోడు ఆ మందు యట్ల చూస్తాడు? ఇంక సిద్దక్క మాట నిలబడదు కదా."

అర్థమైంది. తన తప్పు తనకు మేలు చేస్తుందని ఇంట్లో అనుకున్నారు. దానికోసం ఇంకొకరు అప్పటికే విస్తరాకు వేసుకుని కూర్చున్నారు.

"అందుకని" అని వెంకటకృష్ణయ్య రెండో బయోడేటాను, దానితో వచ్చిన ఉత్తరాన్ని రావు వైపు నెట్టాడు, "ఇవి నీవు తీసుకుపో. మొదటిదాని కింద 'ఇదే సరి' అని రాసి, ఈ రోజు తేదీ వేసి సంతకం పెట్టు. ఆర్డరు తీసుకుని పో. ఇల్లు, కరెంటు, అన్నీ ఉండాయి."

"పెట్టకపోతే?"

"పెట్టకపోతే రెండోదే నిజం అనుకుందాం." ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. "అప్పుడు ఆ పాత మందు దింపించుకున్నది ఎవరు? నీవు. అన్నాళ్లు కొట్టులో పేర్చి పెట్టుకున్నది? నీవు. చెడిన సరుకని తెలిసి, తాళం చదువురానోని చేతిలో పెట్టి కొండ దిగినోడు? ఆలోచించుకో రావు. ఈ కాగితంలో నీవు కీపరువు. ఆ కాగితంలో ముద్దాయివి. రెండింటిలోనూ సంతకం నీదే."

"రిజిస్టరు పోస్టులో పంపానండీ" అన్నాడు రావు. "అందినట్టు మీ సంతకంతో కార్డు వచ్చింది."

"కార్డు ఇంట్లో ఉందా?"

ఆ ప్రశ్న చాలా మామూలుగా అడిగాడు, భోంచేశావా అన్నట్టు. గుమ్మంలో నిలబడి లారీ వైపు చూస్తున్న శివపార్వతి రావు కళ్లముందు కదిలింది.

"తొందరేం లేదు" అన్నాడు వెంకటకృష్ణయ్య లేస్తూ. "ముందు పోయి క్వార్టర్సు చూసి రా. మనసు కుదుటపడతాది. మా లారీ కొండకు పోతాండాది, దాంట్లో కూర్చో. సాయంత్రం వచ్చి సంతకం పెట్టు."

ముందు ఆ గదిలోంచి బయటపడితే చాలనుకున్నాడు రావు. రెండో బయోడేటాను మాత్రం బల్లమీదే వదిలి లేచాడు. ఆఫీసరు అది గమనించి, చేత్తో తీశాడు, తాళంకప్ప కింద మాత్రం పెట్టలేదు. సొరుగులో వేశాడు.

నిన్న ఇంటికి వచ్చిన లారీయే. ఆ డ్రైవరే. వెనక టార్పాలిన్ కప్పి తాళ్లతో బిగించి ఉంది. సండూరు రోడ్డు ఎక్కేసరికి ఇనుపరాతి కొండలు ఎండకు ఎర్రగా కాలుతున్నాయి. గుంతల్లో లారీ ఎగిరి పడుతోంది. డ్రైవరు ఒక చేత్తో నడుపుతూ ఇంకో చేత్తో కణతలు నొక్కుకుంటున్నాడు.

"ఏమైందప్పా?" అన్నాడు రావు. ఇన్నేళ్లకు ఈ ఊరి మాట ఆయన నోటికీ పట్టింది.

"తలనొప్పి సార్. ఈ పెట్టెలు ఎత్తినప్పట్నుంచి. నిన్న కూడా ఇంతే. ఎండ దెబ్బేమో."

కాసేపటికి రావు కళ్ల వెనక చిన్నగా సుత్తి కొట్టడం మొదలైంది. దానితో పాటు తియ్యటి, జిడ్డు వాసన ఒకటి. ఆ వాసన ఆయనకు భార్య తలనూనె కంటే బాగా తెలుసు. విలంబి పుష్యంలో మొలలో తాళంతో రేకుల కొట్టు తలుపు తీసినప్పుడల్లా మొహానికి కొట్టిన వాసన.

"వెనక ఏం సరుకు?"

"మందు సార్. కొత్త కొట్టుకు. సగం పాతదే, పోయినేటిది మిగిలింది. చెడిపోకముందే వాడాలని దొర చెప్పినాడు." డ్రైవరు చెవి మీది బీడీ తీసి పెదాల మధ్య పెట్టుకుని అగ్గిపెట్టె వెతుక్కున్నాడు.

"ముట్టించొద్దు."

రావు గొంతు పెద్దగా లేదు. అయినా డ్రైవరు చెయ్యి ఆగింది.

"నెమ్మదిగా ఆపు. బ్రేకు గట్టిగా తొక్కొద్దు. అదుగో, ఆ వేపచెట్టు నీడకు తీసుకుపో."

లారీ నీడలో ఆగింది. రావు దిగి, వెనక్కి వెళ్లి, టార్పాలిన్ అంచు రెండు వేళ్లతో ఎత్తాడు. కింది పెట్టె పలకల సందుల్లో చెమట మెరుస్తోంది. పెట్టె కింద చెక్క మీద చేతివెడల్పు మరక. టార్పాలిన్ మళ్లీ దించాడు, నిద్రపోయే పసిపిల్ల మీద దుప్పటి కప్పినంత జాగ్రత్తగా.

"లారీ ఇక్కడే వదిలేసి దూరంగా కూర్చో. నువ్వు నడపొద్దు, ఎవర్నీ దగ్గరికి రానివ్వొద్దు. పక్క ఊళ్లోంచి ఎవరినైనా పోలీసుల దగ్గరికి పంపు."

"దొరకు ఏం చెప్పాలి సార్? వదిలి పోతే నన్ను పనిలోంచి తీసేస్తాడు."

"తీసేస్తే బతికుంటావు."

డ్రైవరు మొహంలో ఆలోచన కనబడింది. అది ఎటు తేలుతుందో రావుకు తెలియలేదు. గాళెప్ప మొహంలోనూ తాళం అందుకున్న రోజు అదే ఆలోచన ఉండింది. ఆ రోజు రావు చెప్పాల్సింది చెప్పి, కొండ దిగి, కుడిచేతి వైపు ఇంటిదారి పట్టాడు. గాళెప్ప ఊరు బండ్రి ఎడమచేతి వైపు.

ఈసారి ఎడమకు తిరిగాడు.

చాలా దూరం నడిచాక వెనక ఇంజను చప్పుడు వినబడినట్టయింది. నిలబడ్డాడు. లారీ కదిలిందా, వేరే బండా, తలలోని సుత్తా తేల్చుకోలేకపోయాడు. వెనక్కి పరుగెత్తి లాభం లేదు. పరుగెత్తవలసింది మాఘానికి ముందు.

బండ్రిలో సిద్దక్క ఇల్లు చూపించమంటే ఊరు ఊరంతా వేలెత్తి చూపించింది. ఆమె గడపలో కూర్చుని జొన్నలు చెరుగుతోంది. ముప్పై దాటని మనిషి, మొహం మాత్రం దాటేసింది. ఇస్త్రీ చొక్కా చూసి చేట పక్కన పెట్టింది.

"ఏ ఆఫీసు నుంచప్పా? ఇంకా ఏం సంతకం కావాల?"

"సంతకం కోసం కాదమ్మా. నా పేరు చెన్నకేశవరావు."

ఆమె లేచి నిలబడింది. పేరు తెలుసు. ఆమె పెట్టిన ప్రతి అర్జీలోనూ ఆ పేరుంది.

"నీవు ముందేటే కొండ దిగి పోయినావంటా" అంది మెల్లగా. "నీ చేత్తో రాసిన కాగితం వాళ్ల దగ్గర ఉండాదని ఆఫీసరు నిన్న మనిషిని పంపి చెప్పిచ్చినాడు. మా ఆయన నాకు అబద్ధం చెప్పి సచ్చినాడని."

రావు గడప ముందు చెప్పులు విడిచాడు. చెవులు మాత్రం కొండవైపే ఉన్నాయి. ఎండలో కొండ చప్పుడు లేకుండా ఉంది. ఆ నిశ్శబ్దం ఎంతసేపుంటుందో తెలియదు. ఇంటి దగ్గర శివపార్వతి పిల్లతో ఒక్కతే ఉంది, కార్డూ సర్టిఫికెట్టూ ఆమె దగ్గరే ఉన్నాయి. క్వార్టర్సు లేదు, ఉద్యోగం లేదు, రేపటి విచారణలో తాను ఏ బల్లకు ఏ వైపు నిలబడతాడో తెలియదు. ఆయన నోటికి ఎప్పుడూ తట్టే చమత్కారం ఒక్కటీ తట్టలేదు.

"ఆ కాగితం తప్పమ్మా" అన్నాడు. "నేను దిగింది విలంబి పుష్యంలో. గాళెప్ప చేతికి తాళం ఇచ్చింది నేనే. మందు చెమట పట్టిందని చెప్పిందీ నేనే. ఇన్‌స్పెక్టరు ఎక్కడ దిగాడో చూపించు, వెళదాం."

సిద్దక్క కొంగు సర్దుకుని గడప దిగింది. ఇద్దరూ నాలుగడుగులు వేశారో లేదో, ఆమె ఆగి ఆయన మొహంలోకి చూసింది.

"ఏందప్పా, మాటిమాటికీ కొండ తట్టు చూస్తాండావు?"

"ఏం లేదు" అన్నాడు రావు. "నడు. జల్దీ నడు."